మునిగినవాడికి చలేమిటి? – బరువు తగ్గేవారి దస్తర్‌ఖాన్‌పై మిఠాయి

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒక కుటుంబం మాకు చిరకాలంగా తెలుసు. ఆ ఇంటి ఇల్లాలి పుట్టినిల్లు ఎమ్మిగనూరు. గంట ప్రయాణమే కనుక ఆదివారం వచ్చిందంటే పిల్లలను వెంటబెట్టుకుని తల్లిగారింటికి వెళ్ళడం ఆమెకు అలవాటు. కూతురు వస్తోందని తెలిసిన తల్లి ఉదయం నుంచే పాలు మరిగించి, రొట్టె ముక్కలు నేతిలో వేయించి డబుల్ కా మీఠా సిద్ధం చేస్తుంది. ఎన్నో ఏళ్ళుగా ఈ క్రమం తప్పలేదు.

నలభై ఏళ్ళ వయసులో ఆమె బరువు 74 కిలోలకు, నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లకు చేరింది. మన ప్రాంతపు స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతారు. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే పరీక్షలో 5.9 అని వచ్చింది. 5.7 లోపు ఉంటే మామూలు, 6.5 నుంచి మధుమేహం. అంటే ఆమె ఆ రెండింటి నడుమ నిలబడి ఉంది. తల్లికి మధుమేహం ఉండటంతో భయం మరింత పెరిగింది. ఆ రోజే ఆమె ఒక నిర్ణయం తీసుకుంది: ‘ఇక మిఠాయి ముట్టను.’

మొదటి ఆదివారం తల్లి అందించిన గిన్నెను ఆమె పక్కకు జరిపింది. తల్లి నొచ్చుకుంది. “ఏం బేటీ, నా చేతి తీపి నీకు చేదైపోయిందా?” అని అడిగింది. కూతురు మౌనంగా ఉండిపోయింది. రెండో ఆదివారమూ అలాగే గడిచింది. మూడు వారాల తర్వాత బంధువుల వలీమాలో ఒక చెంచా ఖుబానీ కా మీఠా నోట్లో పెట్టుకుంది. ‘ఎలాగూ నియమం తప్పింది కదా’ అనుకుని గిన్నె ఖాళీ చేసింది, ఇంకో గిన్నె పెట్టించుకుంది. ఇంటికి వచ్చాక పిల్లల కోసం దాచిన మైసూర్ పాక్ కూడా తిన్నది. నెల తిరిగేసరికి తగ్గిన కిలో బరువు మళ్ళీ వచ్చి చేరింది. తల్లి మనసు నొచ్చింది, కూతురి ప్రయత్నమూ నీరుగారింది.

ఈ సోదరి కథనే తీసుకుని, ఎక్కడ లెక్క తప్పిందో, తర్వాత ఆమె దాన్ని ఎలా సరిచేసుకున్నదో వివరంగా చూద్దాం.

నిషేధం ఎందుకు నిలవదు?

‘మునిగినవాడికి చలేమిటి’ అని మన సామెత. వలీమా రోజున ఆమె మనసులో పనిచేసింది అదే. దీన్ని పరిశోధకులు ప్రయోగం చేసి కూడా చూశారు. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు కొందరు యువతులకు ముందుగా మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ ఇష్టమున్నంత తినమన్నారు. తిండిపై కట్టడి పెట్టుకోని యువతులు, మిల్క్‌షేక్ తాగిన మేరకు ఐస్‌క్రీమ్ తగ్గించుకున్నారు. నిత్యం కట్టడిలో ఉండేవారు మాత్రం, మిల్క్‌షేక్ తాగిన తర్వాతే ఐస్‌క్రీమ్ ఎక్కువగా తిన్నారు. కట్టు ఒకసారి తెగింది కనుక ఇక ఆ రోజుకు హద్దు లేదనుకున్నారన్నమాట.

కాబట్టి ఆ రాత్రి జరిగిన నష్టం మొదటి చెంచాతో రాలేదు. ఆ చెంచా మహా అయితే నలభై, యాభై క్యాలరీలు. దాని వెనుక వచ్చిన రెండు గిన్నెలు, మైసూర్ పాక్ కలిసి వెయ్యి వరకు పోయాయి. ‘అసలు వద్దు’ అనే నియమానికి, తప్పిన తర్వాత ఏం చేయాలో తెలియదు. ‘ఇంత వరకు’ అనే నియమానికి అది తెలుసు.

అల్లాహ్ హలాల్ చేసిన ఆహారాన్ని మనకు మనమే నిషిద్ధం చేసుకోనవసరం లేదు. దైవప్రవక్త (స) తీపి పదార్థాన్నీ, తేనెనూ ఇష్టపడేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ధర్మం వారించేది మితిమీరడాన్ని. ఆ మితం ఎంత అన్నది తేల్చుకోవాలంటే ముందు మన ఇంటి తీపి ఎక్కడెక్కడి నుంచి వస్తున్నదో చూడాలి.

అసలు చక్కెర ఎక్కడ దాగి ఉంది?

ఆమెను ఒక వారం పాటు తిన్నదీ తాగిందీ కాగితం మీద రాయమన్నాము. రాసిన తర్వాత ఆమే ఆశ్చర్యపోయింది.

రోజుకు ఐదు సార్లు టీ. ఫజ్ర్ తర్వాత ఒకటి, పదకొండు గంటలకు ఒకటి, అస్ర్ తర్వాత ఒకటి, ఎవరైనా వస్తే వారితో ఒకటి, రాత్రి భర్త దుకాణం నుంచి వచ్చాక ఇంకొకటి. ఒక్కో టీలో రెండు చెంచాల చక్కెర. చెంచాకు ఐదు గ్రాముల చొప్పున రోజుకు 50 గ్రాములు, అంటే 200 క్యాలరీలు. టీతో పాటు రోజుకు నాలుగు బేకరీ బిస్కెట్లు. ఒక్కొక్కటి దాదాపు 50 క్యాలరీల చొప్పున అవి మరో 200. టీ బిస్కెట్ల పేరున రోజుకు 400, వారానికి 2800 క్యాలరీలు.

ఇక తల్లిగారింటి డబుల్ కా మీఠా? నేతిలో వేయించిన ఒక ముక్క దాదాపు 370 క్యాలరీలు. అదీ వారానికి ఒక్కసారి.

అంటే, వారానికి 370 క్యాలరీలు ఇచ్చేదాన్ని ఆమె నిషేధించింది. 2800 ఇచ్చేదాన్ని గమనించనే లేదు. టీలో చక్కెర మనకు మిఠాయిగా తోచదు. అది అలవాటు, అతిథి మర్యాద, పని నడుమ విరామం. తల్లి పెట్టిన గిన్నె కళ్ళకు కనిపిస్తుంది కనుక దానిపైనే నేరం మోపుతాం.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, విడిగా కలిపే చక్కెర, బెల్లం, తేనె, పండ్ల రసాల తీపి అన్నీ కలిసి మన రోజువారీ శక్తిలో పదో వంతుకు మించకూడదు. ఇరవయ్యో వంతు లోపు ఉంటే ఇంకా మేలు. రోజుకు 2000 క్యాలరీలు తినేవారికి ఇది 25 గ్రాములు, అంటే ఐదు చెంచాలు. ఈ సోదరి ఒక్క టీలోనే దానికి రెట్టింపు తీసుకుంటోంది.

సాయంత్రపు కోరిక ఎందుకు వస్తుంది?

కాగితంలో మరో సంగతి కూడా బయటపడింది. నియమం పెట్టుకున్న మూడు వారాలూ ఆమెకు తీపి మీదికి మనసు పోయింది దాదాపు ఒకే వేళలో, అస్ర్ నమాజుకు అటూ ఇటూ. కారణం నాలుకలో లేదు, ఉదయపు పళ్ళెంలో ఉంది. బరువు తగ్గాలని ఉదయం టీతో రెండు రస్కులతో సరిపెట్టుకునేది. కొన్ని రోజులు ఉగ్గాని, దానితో మిరపకాయ బజ్జీ. బొరుగులు తేలికైనవి, కడుపులో ఎక్కువసేపు నిలవవు. మధ్యాహ్నం అన్నం, పలుచటి ఖట్టా. మాంసకృత్తులు దాదాపు లేవు. నాలుగు గంటలకు నిజంగానే ఆకలి వేసేది. ఆకలిగొన్న శరీరం త్వరగా శక్తినిచ్చే తీపినే కోరుతుంది.

అందుకే మొదటి మార్పు మిఠాయిలో కాక, ఉదయపు భోజనంలో చేయించాము. పశ్చిమ కర్నూలు ఇళ్ళకు జొన్నరొట్టె కొత్తది కాదు. ఉదయం ఒక జొన్నరొట్టె, గోంగూర పప్పు లేదా ఒక గుడ్డు. ఉగ్గాని చేసిన రోజున బజ్జీ బదులు ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం ఒక గరిటె అన్నం తగ్గించి, గట్టి పప్పు ఒక గరిటె పెంచి, చివర పెరుగు. అస్ర్ వేళకు పిడికెడు వేయించిన శనగలు. తగ్గించిన అన్నానికీ, పెంచిన పప్పు శనగలకూ క్యాలరీల్లో పెద్ద తేడా రాదు, కానీ కడుపు రాత్రి వరకు నెమ్మదిగా ఉంటుంది. రెండు వారాల్లో సాయంత్రపు ఆరాటం చాలావరకు తగ్గిందని ఆమె చెప్పింది.

ఆకలికీ కోరికకూ తేడా తెలుసుకోవడానికి ఒక తేలికైన ప్రశ్న ఉంది: ‘ఇప్పుడు జొన్నరొట్టె, పప్పు పెడితే తింటానా?’ తింటాననిపిస్తే అది ఆకలి, భోజనమే దానికి మందు. వద్దు, మిఠాయే కావాలనిపిస్తే అది కోరిక. కోరిక అలలాంటిది, పావుగంటో ఇరవై నిమిషాలో వేరే పనిలో పడితే తరచుగా దానంతటదే దిగిపోతుంది. దిగకపోతే, ముందుగా నిర్ణయించుకున్న చిన్న మోతాదును భోజనం తర్వాత తినవచ్చు. అందులో తప్పు లేదు.

టీ నుంచి మొదలుపెట్టడం

రెండు చెంచాల టీ ఒక్కసారిగా చెంచాకు దిగితే రుచించదు, మూడో రోజున పాత లెక్కకే వెళతాం. ఆమె వారానికి పావు చెంచా చొప్పున తగ్గించింది. నాలుగు వారాల్లో రెండు చెంచాలు ఒకటయ్యాయి. ఇంట్లో అందరికీ ఒకే గిన్నెలో టీ కాస్తారు కనుక చక్కెర వేయకుండా కాచి, కప్పులో ఎవరిది వారు కలుపుకొనే పద్ధతి పెట్టుకున్నారు. ఈ చిన్న మార్పు లేకుండా ఒక్కరి టీలో చక్కెర తగ్గించడం ఉమ్మడి ఇంట్లో సాధ్యం కాదు.

ఐదు టీలు మూడయ్యాయి. అతిథులు వచ్చినప్పుడు వారికి టీ ఇచ్చి తాను మజ్జిగ తీసుకుంది. బిస్కెట్ల డబ్బాను వంటింటి పై అరకు ఎక్కించి, రోజుకు ఒక్క బిస్కెట్ తీసి పళ్ళెంలో పెట్టుకునేది. రాత్రి భోజనం తర్వాత రెండు చిన్న ఖర్జూరాలు ఆమె రోజువారీ మిఠాయి.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. చక్కెర బదులు బెల్లమో, తేనెనో వాడితే సరిపోతుంది కదా? బరువు లెక్కలో సరిపోదు. వంద గ్రాముల చక్కెరలో 400 క్యాలరీలు ఉంటే బెల్లంలో 380 వరకు ఉంటాయి. తేనెలో నీరుంటుంది కనుక కొంత తక్కువ, కానీ అది బరువైనది, ఒక పెద్ద చెంచాకు 60 దాటుతుంది. ఖర్జూరంలో పీచు ఉంది, నమలాలి, రెండు తినగానే తృప్తి కలుగుతుంది, అందుకే అది మేలు. పది తింటే ఆ మేలు ఉండదు. ఇక చక్కెర లేని తీపి బిళ్ళల విషయానికి వస్తే, బరువు తగ్గడం కోసం వాటిపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. తీపి అలవాటు తగ్గకుండా అవి పక్కదారి మాత్రమే చూపుతాయి.

తల్లి చేతి డబుల్ కా మీఠా

ఇప్పుడు ఆదివారం సంగతి. డబుల్ కా మీఠా బరువు పెంచేది చక్కెరతో మాత్రమే కాదు. వేయించేటప్పుడు రొట్టె ముక్క నేతిని దూదిలా పీల్చుకుంటుంది. నెయ్యి గ్రాముకు 9 క్యాలరీలు, చక్కెర గ్రాముకు 4. ఎనిమిది ముక్కలకు వంద గ్రాముల నెయ్యి పడితే అదొక్కటే 900. మన మిఠాయిలు చాలావాటిలో ఇదే కథ. తీపి నాలుకకు తెలుస్తుంది, నెయ్యి, ఖోవా చప్పుడు లేకుండా చేరిపోతాయి.

ఆమె తల్లితో కూర్చుని నెమ్మదిగా చెప్పింది. “అమ్మీ, మీరు చేయవద్దనడం లేదు. చేసే తీరు కాస్త మారుద్దాం. మీకూ షుగర్ ఉంది కదా, మీరూ ఒక చెంచా రుచి చూడవచ్చు.” తల్లి మొదట నమ్మలేదు. తర్వాతి ఆదివారం ఇద్దరూ కలిసి చేశారు.

ఎనిమిది రొట్టె ముక్కలను నూనెలో ముంచకుండా, పెనం మీద రెండు చిన్న చెంచాల నెయ్యి రాసి, సన్నని మంట మీద రెండు వైపులా ఎర్రగా, కరకరలాడేలా కాల్చాలి. ముప్పావు లీటరు టోన్డ్ పాలను అర లీటరు అయ్యేవరకు మరిగించాలి. అందులో 80 గ్రాముల చక్కెర, యాలకుల పొడి, చిటికెడు కుంకుమపువ్వు కలపాలి. పాలు చిక్కబడితే తమంతట తాము తియ్యగా ఉంటాయి, యాలకుల వాసన తీపిని పెంచి చూపుతుంది. అందుకే చక్కెర తగ్గినట్టు తెలియదు. వేడి పాలను ముక్కల మీద పోసి, పది నిమిషాలు నాననిచ్చి, గుప్పెడు బాదం, జీడిపప్పు పలుకులు చల్లాలి. ముక్కలు సరిగా కాలకపోతే పాలు పోయగానే మెత్తగా విడిపోతాయి. అదొక్కటే ఇందులో జాగ్రత్త. ఇలా చేసిన ముక్క దాదాపు 190 క్యాలరీలు, పాత పద్ధతిలో సగం.

తినే తీరుకూ మూడు నియమాలు పెట్టుకుంది. మిఠాయిని ఖాళీ కడుపుతో కాక భోజనం తర్వాతే తినడం. చిన్న గిన్నెలో వడ్డించుకుని, పెద్ద పాత్రను వంటింట్లోకి పంపేయడం. వంటింట్లో నిలబడి తినకుండా దస్తర్‌ఖాన్ మీద అందరితో కూర్చుని తినడం. నిలబడి తిన్నది లెక్కలోకి రాదు, తృప్తినీ ఇవ్వదు.

నాలుగు నెలల లెక్క

మునుపు రోజుకు 400 ఉన్న టీ బిస్కెట్ల పద్దు ఇప్పుడు ఇలా ఉంది: మూడు టీల చక్కెర 60, ఒక బిస్కెట్ 50, ఖర్జూరాలు 50, మొత్తం 160. రోజుకు 240 మిగిలాయి, వారానికి 1680. ఆదివారపు మిఠాయిలో మరో 180. వారానికి మొత్తం 1860 క్యాలరీలు. ఒక కిలో కొవ్వులో సుమారు 7700 క్యాలరీలు ఉంటాయని లెక్కిస్తారు. ఆ ప్రకారం వారానికి పావు కిలోకు కాస్త తక్కువ, నెలకు దాదాపు ఒక కిలో తగ్గాలి.

నాలుగు నెలల తర్వాత ఆమె బరువు 70 కిలోలు, నడుము 92 సెంటీమీటర్లు. నెలకు కిలో అంటే చిన్న మాటగా వినిపిస్తుంది. కానీ ఈ నాలుగు నెలల్లో ఒక్క ఆదివారం కూడా ఆమె తల్లి పెట్టిన గిన్నెను వెనక్కి నెట్టలేదు. నడుము ఇంకా తగ్గాలి, ఆమె అదే దారిలో కొనసాగుతోంది.

నడుమ ఒక చోట ఆమె తడబడింది. ఒక దావత్ మరునాడు తూచుకుంటే కిలోకు పైగా పెరిగినట్టు కనిపించింది. భయపడి ఆ రోజు ఉదయం, మధ్యాహ్నం తినడం మానేసింది. సాయంత్రానికి మళ్ళీ పాత ఆకలి, పాత బిస్కెట్ల డబ్బా. ఒక్క రాత్రిలో కిలో కొవ్వు పెరగాలంటే మామూలు తిండికి అదనంగా 7700 క్యాలరీలు తినాలి. అది జరిగే పని కాదు. బిర్యానీ ఉప్పుకు శరీరం నీటిని పట్టి ఉంచుతుంది, మూడు నాలుగు రోజుల్లో అది పోతుంది. దావత్ మరునాడు చేయవలసింది మామూలు రోజులాగే తినడం. బరువు చూసుకునేది వారానికి ఒకసారి, ఒకే రోజున, ఫజ్ర్ తర్వాత ఏమీ తినకముందు. నాలుగు వారాల అంకెలు పక్కపక్కన పెట్టినప్పుడే దారి తెలుస్తుంది. నాలుగు వారాలైనా బరువూ నడుమూ కదలకపోతే, మళ్ళీ ఒక వారం కాగితం మీద రాయడం మొదలుపెట్టాలి. రాయకుండా జారిపోయినవి అందులో దొరుకుతాయి.

రమజాన్, పండుగ

ఇఫ్తార్ వేళ తీపి ఎక్కువగా వచ్చేది గ్లాసుల్లోంచి. తియ్యటి షర్బత్ ఒక గ్లాసులో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది, నమలకుండా గొంతు దిగుతుంది, కడుపు నిండినట్టు తెలియదు. ఖర్జూరం, మంచినీళ్ళతో ఉపవాసం విరమించి, మగ్రిబ్ నమాజు చేసుకుని, అప్పుడు భోజనానికి కూర్చుంటే తొందర తగ్గుతుంది. మిఠాయి ఉంటే దాని చోటు భోజనం చివర.

పండుగనాటి షీర్ ఖుర్మా చిన్న గిన్నెడు దాదాపు 200 క్యాలరీలు. పాలు, సేమియా, నెయ్యి, బాదం, ఖర్జూరం అన్నీ కలిసిన లెక్క ఇది. ఒక గిన్నెతో ఎవరి బరువూ పెరగదు. ఎనిమిది ఇళ్ళకు వెళ్ళి ఎనిమిది గిన్నెలు తాగితే 1600, దాదాపు ఒక రోజు భోజనం. ఈ సోదరి గత పండుగకు ఇంట్లో నిండు గిన్నె తాగింది, మిగిలిన ఇళ్ళలో “రెండు చెంచాలే పోయండి, ఇంకా నాలుగిళ్ళు తిరగాలి” అని ముందే అడిగింది. పోసిన తర్వాత వదిలేస్తే ఆహారం వృథా, ముందే అడిగితే మర్యాద.

ఎవరు జాగ్రత్తపడాలి?

మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా భోజనంగానీ తీపిగానీ ఉన్నట్టుండి తగ్గించకూడదు. వణుకు, చెమటలు, కళ్ళు తిరగడం కనిపిస్తే అది చక్కెర పడిపోవడం కావచ్చు. అప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి. ఆ వేళ తీపే మందు. అమితమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం ఉంటే రక్త పరీక్ష చేయించుకోవాలి. గర్భవతులు, పాలిచ్చే తల్లులు ఈ లెక్కలను వైద్యుల సలహాతోనే పాటించాలి. ఎవరికీ కనిపించకుండా దాచుకుని, ఆపుకోలేక తినడం పదేపదే జరుగుతుంటే అది బలహీనత కాదు, వైద్యం ఉన్న సమస్య.

మొన్నటి ఆదివారం మేము ఎమ్మిగనూరులో ఆ తల్లిగారింటికి వెళ్ళాము. పెనం మీద రొట్టె ముక్కలు కాలుతున్నాయి. కూతురికి ఒక ముక్క వడ్డించి, పాత్రకు మూత పెట్టి తానే లోపలికి తీసుకెళ్ళింది ఆ పెద్దావిడ. తిరిగి వచ్చి కూర్చుని, తన చిన్న గిన్నెలోంచి ఒక చెంచా నోట్లో పెట్టుకుని, “ఇప్పుడు ఇద్దరం కలిసి తింటున్నాం” అన్నది.